తిరిగొచ్చే నీళ్ల చల్లదనం

మా ఆస్పత్రికి అతిథులెవరొచ్చినా అడ్మినిస్ట్రేటర్ గారు వాళ్లను ఏసీ ప్లాంటు గదికి తీసుకురాకుండా వదిలేవారు కాదు. కరీంనగర్‌లో అంత పాత ఆస్పత్రిలో అంత పెద్ద ప్లాంటు ఉండటం తన సొంత ఘనతైనట్టే మురిసిపోయేవారు. లోపలికి రాగానే గోడ వెంట పోతున్న లావుపాటి గొట్టం మీద అతిథి చెయ్యి పట్టుకుని మరీ పెట్టించేవారు.

"సూడండి, బిల్డింగంతా తిరిగొచ్చిన నీళ్లివి. ఇంకా ఎంత సల్లగున్నయో!"

అతిథి చెయ్యి వెనక్కి లాక్కుని అబ్బో అనేవాడు. ప్లాంటు ఇంజనీరుగా నేను పక్కనే నిలబడి పళ్లు కొరుక్కునేదాన్ని. ఆ గొట్టం అంత చల్లగా ఉండటమే మా రోగం. పెద్దవాళ్ల ముందు ఆ మాట అంటే బాగుండదని మా అవ్వ నేర్పిన మర్యాద ఒకటి అడ్డం పడేది. తర్వాత తర్వాత ఆ మర్యాద కూడా పోయింది.

సంగతి చాలా తేలిక. చిల్లర్ అనే యంత్రం నీళ్లను ఏడు డిగ్రీలకు చల్లార్చి పంపుతుంది. ఆ నీళ్లు ప్రతి అంతస్తులో ఉండే గాలి పెట్టెల్లోకి పోతాయి. పెట్టెలో రాగి గొట్టాల కాయిల్ ఉంటుంది. ఫ్యాను దాని మీదుగా గాలిని తోస్తుంది. గాలిలోని వేడి నీళ్లకు ఎక్కుతుంది, చల్లబడ్డ గాలి వార్డులోకి పోతుంది. వేడిని మోసుకున్న నీళ్లు పన్నెండున్నర డిగ్రీల దగ్గర తిరిగి రావాలి. మా దగ్గర తొమ్మిదిన్నరకే వచ్చేవి. అంటే పొద్దున ఇంట్లోంచి పోయిన మనిషి పనిలో సగం కూడా చేయకుండా బజారంతా తిరిగి సాయంత్రం అన్నానికి వచ్చి కూర్చున్నట్టు.

అలా తిరిగొచ్చిన నీళ్లలో చిల్లర్ దించడానికి వేడే లేదు. రెండు చిల్లర్లూ నడిచేవి, రెండూ సగం కన్నా తక్కువ బరువే మోసేవి. అయినా ఎండాకాలం మధ్యాహ్నమైతే పై అంతస్తు చివరన ఉన్న ఆపరేషన్ థియేటర్లు ఉడికిపోయేవి. డాక్టర్ల నుదుటి చెమట తుడవడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా నిలబెట్టాల్సి వచ్చేది. ఆఖరికి మధ్యాహ్నం ఆపరేషన్లే మానేశారు. యాజమాన్యం కూర్చుని ఆలోచించి, రెండు యంత్రాలు చాలడం లేదు కాబట్టి మూడోది కొనాలని తేల్చింది. సగం కడుపుతో ఉన్న ఇద్దరు మనుషులు పని చేయలేకపోతున్నారని మూడో మనిషిని పిలవడం లాంటి తీర్మానం అది. అందరూ ఒప్పుకున్నారు.

మూడో యంత్రానికి జాగా కావాలి. ప్లాంటు గోడకు ఆనుకుని వెనకాల ఒక రేకుల షెడ్డు ఉంది. ఉట్నూర్ నుంచి, లక్సెట్టిపేట నుంచి, ఇంకా అటు లోపలి ఊళ్ల నుంచి వచ్చిన రోగుల మనుషులు అందులోనే వండుకునేవాళ్లు, అందులోనే పడుకునేవాళ్లు. ఒకరోజు కాంట్రాక్టర్ వచ్చి నేల మీద సున్నంతో పునాది గీత గీసి పోయాడు. గీత సరిగ్గా ఒక పొయ్యి మీదుగా పోయింది. ఆడవాళ్లు ఆ పొయ్యి రాళ్లను జానెడు పక్కకు జరిపి వంట కొనసాగించారు. ముహూర్తం వచ్చే శుక్రవారం అని అడ్మినిస్ట్రేటర్ గారు చెప్పారు. కొబ్బరికాయ కూడా ముందే తెప్పించి టేబుల్ మీద పెట్టుకున్నారు.

ఆ షెడ్డులోనే ఆమెను చూశాను. ఉట్నూర్ దగ్గరి ఊరామె. భర్తకు షుగరు ముదిరి పాదానికి ఆపరేషన్ అయింది. డిశ్చార్జి చేసేశారు కానీ రోజు విడిచి రోజు కట్టు మార్చాలి. వాళ్ల ఊరికి పోయి రావడమంటే బస్సు, ఆపైన జీపు, ఆపైన నడక. అంత గాయంతో అది జరిగే పని కాదు, అందుకని షెడ్డులోనే ఉండిపోయారు. ప్లాంటు గోడలోంచి బయటికి వచ్చి షెడ్డు పక్కనుంచి పోయే గొట్టాల మీద ఒకచోట ఇన్సులేషన్ ఊడిపోయి ఇనుము బయటపడింది. ఆమె అక్కడ ఒక స్టీలు గ్లాసును తడిగుడ్డతో చుట్టి తాడుతో కట్టింది.

చూడగానే నాకు ఒళ్లు మండింది. "ఎవరమ్మా గొట్టానికి తాళ్లు కట్టింది? తీసెయ్!"

ఆమె జంకుతూ దగ్గరికొచ్చింది. "బాయీ, కోపం జేయకు. గా గ్లాసుల మా ఆయన ఇన్సులిను సీస ఉన్నది." ఆదిలాబాద్ వైపు ఆడవాళ్లను బాయి అని పిలుస్తారు. నా పేరు ముందున్న ఇంజనీరు పదవితో ఆమెకు పని లేదు.

"వార్డు ఫ్రిజ్‌లో పెట్టమనకపోయినవా?"

"అడిగిన. బయటోళ్ల మందులు పెట్టొద్దట. గీ ఎండకు సీస ఖరాబైతదన్నరు డాక్టరు. ఎక్కడ పెట్టాలె మరి?"

గొట్టం మీద చెయ్యి పెట్టి చూశాను. వెళ్లే గొట్టం కాదు, అది తిరిగొచ్చే గొట్టం. మంచు ముద్దలా ఉంది. ఇన్సులిన్‌కు సరిపోయే చల్లదనం. నేను ఏ రోగాన్ని కుదర్చాలని తిరుగుతున్నానో, ఆ రోగం మీదే ఆమె భర్త మందు నిలబడి ఉంది. ఆమె నా మొహం చూసి ఏమనుకుందో, పొయ్యి మీది చాయ్ ఒక గ్లాసులో పోసి ఇచ్చింది. వద్దనడానికి నోరు రాలేదు, తాగాను.

"గీ గీతలేంది బాయీ? మమ్ముల వెళ్లగొడ్తరా?" అని అడిగింది.

"సూద్దాం" అన్నాను. అంతకన్నా పనికిమాలిన మాట ఆస్పత్రుల్లో ఇంకొకటి లేదు. రోజూ డాక్టర్ల నోట వింటూ నాకూ అలవాటైంది.

ఆ పూటే అడ్మినిస్ట్రేటర్ గారి గదికి పోయి మూడో చిల్లర్ అక్కర్లేదని చెప్పాను. ఆయన గదిలో చలికి ఫైళ్లు కూడా వణుకుతున్నాయి. ఆయన కోటు వేసుకుని కూర్చున్నారు.

"ఇంత చల్లని నీళ్లు తిరిగొస్తుంటే ప్లాంటు ఖరాబైందంటవేందమ్మా?"

"చల్లగ తిరిగొస్తున్నయి కాబట్టే సార్. వేడి మోసుకురాలే అవి. మీరు మూడో మిషన్ పెట్టినా దానికీ గియ్యే నీళ్లొస్తయి."

"అయితే పెద్ద పంపు పెడదమా? కాంట్రాక్టర్ అంటుండు."

"పెద్ద పంపు పెడితే దగ్గరున్న పెట్టెలకే ఇంకా ఎక్కువ నీళ్లు పోతయి, ఇంకా చల్లగ తిరిగొస్తయి. థియేటర్ గట్లనే ఉంటది."

ఆయన కొబ్బరికాయ వంక చూశారు. ముహూర్తం దాకా టైమిచ్చారు. ఈలోపు ఒకే చిల్లర్‌తో మధ్యాహ్నం పూట థియేటర్‌ను చల్లగా ఉంచి చూపించాలి. చూపించలేకపోతే షెడ్డు పోతుంది, నేను నోరు మూసుకోవాలి.

మా హెడ్ ఆపరేటర్ చాచా మనుషులతో తెలుగులోనూ యంత్రాలతో ఉర్దూలోనూ మాట్లాడేవాడు. తిట్లు మాత్రం ఇద్దరికీ ఉర్దూలోనే. విషయం చెప్పగానే ఆయన మొహం మాడ్చుకున్నాడు. "బిడ్డా, గిన్నేండ్ల సంది ఎవ్వరు ఫోన్ జేసినా ఉరికి పోయి నీళ్లు పెంచినం. గిప్పుడు మేమే ఖరాబ్ జేసినమా?"

"ముందు సూద్దాం చాచా" అన్నాను. మళ్లీ అదే మాట.

ముందుగా థర్మామీటర్లనే అనుమానించాలి. గేటు ముందు చెరుకు రసం బండి దగ్గర ఐసు తెప్పించి, నలగ్గొట్టి, నీళ్లలో కలిపి, మీటర్లన్నీ ఒకే మగ్గులో ముంచాను. అన్నీ సున్నా చూపాలి. పాత గుండ్రటి మీటర్లలో ఒకటి ఏ కాలంలో ఉందో దానికే తెలియదు, దాన్ని పక్కన పెట్టాం. మిగతావాటితో ఒక్కో గాలి పెట్టె దగ్గరికి పోయి, ఇన్సులేషన్ కోసి, వెళ్లే గొట్టం మీదొకటి, వచ్చే గొట్టం మీదొకటి కట్టి, బయటి గాలి తగలకుండా స్పాంజి చుట్టి చూశాం.

భవనమంతా ఒక్కసారి కళ్ల ముందుకొచ్చింది. ప్లాంటుకు దగ్గరి పెట్టెల్లో తేడా డిగ్రీ దాటలేదు. నీళ్లు ధారాళంగా పోయి, ఊరికే తిరిగి వస్తున్నాయి. చివరన ఉన్న థియేటర్ పెట్టెలో తేడా ఎనిమిది. అక్కడికి బొటాబొటిగా చేరిన కాసిని నీళ్లు ఒళ్లంతా వేడి నింపుకుని వస్తున్నాయి. రెంటినీ కలిపితే తొమ్మిదిన్నర. పాత లెక్చర్ హాలు పెట్టెకైతే ఫ్యాను బెల్టు ఎప్పుడో తీసేశారు, నీళ్లు మాత్రం ఆపలేదు. తాళం వేసిన గదికి ఏడు డిగ్రీల నీళ్లు పోయి ఏడు డిగ్రీలతోనే వెనక్కి వస్తున్నాయి.

మా దగ్గర కాలువ కింద సేద్యం చేసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. మొదట్లో ఉన్నవాడు తూము బార్లా తెరిస్తే చివరి మడికి తడి అందదు. మా ఆపరేటర్లలో సగం మంది కాలువ కింది రైతుల పిల్లలే. వాళ్లు పెరిగిన పద్ధతే ఆస్పత్రికి తెచ్చారు. వార్డు చల్లగా లేదని సిస్టర్ ఫోన్ చేస్తుంది. ఆపరేటర్ పోతాడు. సిస్టర్ చాయ్ తాగిస్తుంది. చాయ్ తాగినవాడు ఊరికే ఎలా వస్తాడు? వాల్వు అరచుట్టు విప్పి వస్తాడు. వార్డు మరీ చల్లగా ఉంటే మాత్రం ఎవరూ ఫోన్ చేయరు, దుప్పటి అడుగుతారు. కాబట్టి విప్పడమే గానీ కట్టడం మా ప్లాంటులో ఎవరికీ రాదు. ఏళ్ల తరబడి చాయ్‌లు పేరుకుని వాల్వులన్నీ బార్లా తెరుచుకున్నాయి. గది చల్లబడ్డాక నీళ్లను కాయిల్‌లోకి పోనివ్వకుండా పక్కదారిన మళ్లించే మూడు దారుల వాల్వులుండేవి. వాటి మోటార్లు చచ్చిపోతే, కాయిల్ వైపు తెరిచి తీగతో బిగించేశారు. ఆ తీగ ముడులు చూస్తే ఎవరు కట్టారో చాచా చెప్పగలడు. చాలావాటిని చూసి ఆయన ఏమీ చెప్పలేదు.

ఇంకో వింత. రెండో అంతస్తు వార్డు నిజంగానే ఉక్కగా ఉండేది. దాని పెట్టె తెరిస్తే ఫిల్టర్ మీద దూది పరుపంత దుమ్ము, కాయిల్ రెక్కల మధ్య కూడా అదే. గాలే ఆడటం లేదు. గాలి ఆడని కాయిల్‌కు నీళ్లు ఎన్ని పోసినా లాభం ఏముంది? ఫోన్ వచ్చినప్పుడల్లా మావాళ్లు పోసిన నీళ్లన్నీ చల్లగానే వెనక్కి వచ్చాయి.

ఏం చేయాలో ఎంచుకోవడం మీదే నాకూ చాచాకూ పెద్ద గొడవ. వాల్వులన్నీ ఒకేసారి మూసెయ్యమని ఆయన వాదన, ఉక్రోషం కొద్దీ. అది కుదరదు. చిల్లర్‌లో నీళ్ల ప్రవాహం మరీ తగ్గితే లోపల గడ్డకట్టి గొట్టాలు పగిలిపోతాయి. అందుకని చివరన ఉన్న కొన్ని మూడు దారుల వాల్వులను బాగుచేసి అలాగే ఉంచాం, కాసిని నీళ్లు ఎప్పుడూ తిరుగుతుండాలని. లెక్చర్ హాలుకు నీళ్లు పూర్తిగా ఆపేశాం. ఫిల్టర్లు మార్చాం, కాయిళ్లను మందు నీళ్లతో కడిగించాం. మొదటి రోజు కారిన నల్ల నీళ్లు చూసి ఇన్‌ఫెక్షన్లు రాకుండా చూసే సిస్టర్ దండం పెట్టింది. దగ్గరి పెట్టెల వాల్వులను, రెండు గొట్టాల తేడా అయిదు డిగ్రీల దగ్గరికి వచ్చేదాకా కొద్దికొద్దిగా బిగించాం. వార్డుల థర్మోస్టాట్లన్నీ పదహారు మీద ఉన్నాయి. పదహారు పెడితే తొందరగా చల్లబడుతుందని అందరి నమ్మకం. వాటిని ఇరవై నాలుగుకు తెచ్చాం. పీడనం ఎంత మారినా గీసిన గీత దాటి నీళ్లను పోనివ్వని కొత్త రకం వాల్వులు రెండే అడిగాను, మరీ తిండిపోతు పెట్టెలకు. అందులో ఒకటి అడ్మినిస్ట్రేటర్ గారి గదిది.

మొదటి రెండు రోజులు నేను పొద్దున బిగించిన వాల్వు మధ్యాహ్నానికి అరచుట్టు విప్పి ఉండేది. ఎవరు చేశారంటే ఎవరూ చేయలేదు. నేను చాచాను నిలబెట్టి అరిచాను. సిరిసిల్లలో మా బాపు మరమగ్గం మీద గుడ్డ చెడితే ఒక్కో పోగూ పట్టి చూసేవాడే తప్ప ఇంకో మగ్గం కొందామనలేదని, ఆ మాత్రం ఓపిక మీకు లేదా అని అడిగాను. షెడ్డులో ఎవరుంటున్నారో ఎప్పుడైనా చూశావా అని కూడా అడిగాను.

ఆయన మెల్లగా అన్నాడు. "ఎందుకు సూడలే బిడ్డా. గా ఉట్నూర్ ఆమెకు గొట్టం మీది కవరు కోసిచ్చిందే నేను. సీస పట్టుకొని ఏడుస్తుంటే ఏం జేయాలె?"

నాకు కోపం రాకపోగా నవ్వొచ్చింది. అప్పటినుంచి వాల్వులు బిగించినచోటే ఉన్నాయి. వాటి పిడులు చాచానే ఊడదీసి తన డబ్బాలో దాచాడు.

గురువారం మధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతుండగా, థియేటర్‌లో ఆపరేషన్లు పెట్టించాం. రెండో చిల్లర్ ఆపాం, దాని పంపూ ఆపాం. ప్లాంటు గదిలో చప్పుడు సగమైంది. ఇది తప్పితే రేపు పొద్దున సున్నం గీత మీద గడ్డపార పడుతుంది. థియేటర్ హెడ్ సిస్టర్ థర్మామీటర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. నాకు ఆమె ఫోన్లు తప్ప లోకం లేదు. "ఇరవై రెండు... ఇరవై రెండే... ఇరవై ఒకటి!" చాచా రెండో చిల్లర్ మీట దగ్గర నిలబడి చెయ్యి అక్కడే పెట్టుకుని ఏవో దువాలు చదువుతున్నాడు. తిరిగొచ్చే నీళ్లు పది దాటాయి, పదకొండు దాటాయి, పన్నెండు దగ్గర నిలబడ్డాయి. ఒకే చిల్లర్ ఇన్నాళ్లకు కడుపు నిండా పని చేస్తోంది. కొత్త పెళ్లికూతురిని చూసినట్టు ఆ మీటరు ముల్లు వంకే చూస్తూ నిలబడ్డాను. చాచా మీట మీది చెయ్యి తీసి మొహం తుడుచుకున్నాడు.

మర్నాడు ముహూర్తం వృథా పోకూడదు కదా. అడ్మినిస్ట్రేటర్ గారు ఆ కొబ్బరికాయను పాత చిల్లర్ ముందే కొట్టించారు. దానికి దండ వేశారు, బొట్టు పెట్టారు. మూడో యంత్రం ఆలోచన ఎవరిదో గానీ తాను మొదటినుంచీ ఒప్పుకోలేదని అక్కడున్న పెద్దలకు వివరించారు. అలవాటు కొద్దీ అతిథుల్లో ఒకాయన చెయ్యి పట్టుకుని గొట్టం మీద పెట్టించి, వెంటనే నా వైపు తిరిగారు.

"అప్పటంత చల్లగ లేదేందమ్మా? మిషన్ బలహీనమైందా?"

నేను ప్రసాదం నోట్లో పెట్టుకున్నాను, మాట్లాడే పని లేకుండా.

ప్రసాదం పంచడానికి షెడ్డు వైపు పోతే ఉట్నూర్ ఆమె ఎదురొచ్చింది. సున్నం గీతను అప్పటికే చీపురుతో ఊడ్చేశారు. పొయ్యి మళ్లీ పాత చోటికి చేరింది. ఆమె మాత్రం సంతోషంగా లేదు.

"బాయీ, గొట్టం మునుపటి లెక్క సల్లగ లేదు. సీస ఖరాబైతదేమో. ఏమన్న ఖరాబ్ జేసిండ్రా?"

కాంట్రాక్టర్‌కూ అంతమంది పెద్దలకూ నేను అన్ని రోజులు వివరించినా ఎక్కని సంగతిని ఆమె తడిగుడ్డ మీద చెయ్యి పెట్టి కనిపెట్టింది. నా విజయాన్ని ఫిర్యాదుగా తెచ్చింది. పన్నెండు డిగ్రీలకు మందు ఏమీ కాదని చెప్పాను. ఆమె నమ్మినట్టు తలూపింది కానీ గ్లాసును చేతిలోంచి వదల్లేదు. పైగా మర్నాడు ఇన్సులేషన్ వాళ్లు వస్తున్నారు. ఊడిపోయిన చోట్లన్నీ చుట్టెయ్యమని జాబితా రాసిచ్చింది నేనే. ఆ గొట్టానికి కవరు పడితే ఆమెకు పన్నెండు డిగ్రీలు కూడా మిగలవు. షెడ్డు మిగిల్చి, అందులో ఆమె భర్త మందు నిలబడటానికి ఉన్న ఒక్క ఆధారాన్నీ నేనే మూసేస్తున్నానని తెలిసి ఒళ్లు చల్లబడింది.

ఇన్సులేషన్ మనుషులు వచ్చి రెండు గొట్టాలనూ నున్నగా చుట్టి పోయారు. వాళ్లు గేటు దాటాక కత్తి తీసుకుని షెడ్డు వైపు పోయాను. ఈసారి వెళ్లే గొట్టం దగ్గర కూర్చున్నాను, ఏడు డిగ్రీలది. ఉట్నూర్ ఆమె గ్లాసు పట్టుకుని పక్కన నిలబడింది. అప్పుడే కొత్తగా వేసిన కవరు మీద గ్లాసు పట్టేంత కిటికీ కోశాను. నా వృత్తిలో ఇంతకన్నా పాపం లేదు. అక్కడ నీళ్లు కారతాయి, ఇనుము తుప్పు పడుతుంది, చల్లదనం ఊరికే పోతుంది. ఇదే పని ఇంకెవరైనా చేసి ఉంటే షెడ్డు రేకులు ఎగిరిపోయేలా అరిచేదాన్ని.

వెనకాల ఎవరో దగ్గారు. చాచా.

"బిడ్డా" అన్నాడు, నా చేతిలో కత్తినీ ఆమె చేతిలో గ్లాసునూ మార్చి మార్చి చూస్తూ, "గా ఆమె నీకు చాయ్ తాగిపిచ్చిందా ఏంది?"